చీటీ పేరుతో నెలసరి వడ్డీ: ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది?

నిజమైన చీటీలో ప్రతి నెలా ఖాయంగా ఇంత వస్తుందని చీటీ నడిపే ఏ ఫోర్‌మనూ ముందుగా చెప్పలేడు. 20 మంది నెలకు రూ.5 వేల చొప్పున కట్టే లక్ష రూపాయల చీటీనే చూడండి. డబ్బు అవసరమున్న సభ్యుడు ఒక నెల రూ.25 వేలు వదులుకొని పాట పాడుకుంటే అతనికి రూ.75 వేలు అందుతాయి. వదులుకున్న సొమ్ములోంచి ఫోర్‌మన్ కమీషన్ కింద చీటీ మొత్తంపై 5 శాతం, అంటే రూ.5 వేలు పోగా, మిగిలింది తలా వెయ్యి రూపాయల డివిడెండ్ అవుతుంది. మరుసటి నెల పోటీ తగ్గి పాట రూ.11 వేల దగ్గరే ఆగిపోతే డివిడెండ్ రూ.300కు పడిపోతుంది. చీటీలో లాభం సాటి సభ్యుడి అవసరం నుంచి వస్తుంది కాబట్టి దానికి గ్యారంటీ ఉండదు.

అందుకే చీటీ కంపెనీ పేరు చెప్పి, లక్ష కడితే 15 నెలల పాటు నెలకు రూ.8 వేలు, ఆపై అసలు కూడా ఇస్తామంటే, అది చీటీ కాదు, డిపాజిట్. పాట లేని చోట డివిడెండ్ ఎక్కడిది? వంద మంది తలా లక్ష కడితే కోటి రూపాయలు పోగవుతాయి. ఏజెంట్లకు 5 శాతం ఇస్తే రూ.95 లక్షలు మిగులుతాయి. నెలకు రూ.8 లక్షలు పంచుతూ పోతే, వేరే ఆదాయమేమీ లేకున్నా, 11 నెలలు క్రమం తప్పకుండా చెల్లించవచ్చు. పన్నెండో నెలకు ఖజానా చాలదు, వంద మంది అసలు మాత్రం అలాగే బాకీ ఉంటుంది. కొత్తవారిని చేర్పిస్తే కమీషన్ అని ఒత్తిడి చేసేది ఈ లోటు పూడ్చడానికే.

మన ఊళ్లలో ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం. ఆరు నెలలు వడ్డీ సరిగ్గా పడిందని నమ్మి నగలు కుదువపెట్టి మళ్లీ కడతారు, బావమరిదినీ చేర్పిస్తారు. ఆ ఆరు నెలల వడ్డీ తాము కట్టిన సొమ్ములోంచే వచ్చి ఉండవచ్చు కాబట్టి, అది వ్యాపారం నడుస్తోందనడానికి రుజువు కాదు.

రిజిస్టర్డ్ కంపెనీ అన్న బోర్డు కూడా చాలదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి చీటీ గ్రూపుకూ విడిగా ముందస్తు అనుమతి, ప్రారంభ ధ్రువపత్రం ఉండాలి. ప్రభుత్వ అనుమతి లేనిదే చీటీ కంపెనీ వేరే వ్యాపారం చేయకూడదు. మీ గ్రూపు ధ్రువపత్రం చూపమని అడగండి, చిట్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సరిచూసుకోండి. చీటీ ఒప్పందం బదులు ప్రామిసరీ నోటో, రాబోయే తేదీ వేసిన చెక్కో చేతిలో పెడితే కట్టకండి. ఇప్పటికే కట్టినవారు ఒక సంగతి గమనించాలి: గడువు తీరాక అసలు అడిగితే, మరో ఏడాది ఉంచితే వడ్డీ పెంచుతామంటున్నారంటే ఖజానా ఖాళీ అవుతోందని అనుమానించి, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకొని అప్పుడే పోలీసులకు ఫిర్యాదు చేయాలి; 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కింద నిర్వాహకుల ఆస్తుల జప్తుకు వీలుంది.