ఊదారంగుకు తిరిగిన వేళ్లను వేడినీళ్లలో పెట్టకండి

"చలికి కాలివేళ్లు ఊదారంగుకు తిరిగి దురద పెడుతున్నాయా? రక్తం గడ్డకట్టింది! ఇది షుగర్ ఉన్నవాళ్లకే వస్తుంది. భరించగలిగినంత వేడి ఉప్పునీళ్లలో 20 నిమిషాలు పెట్టి, నూనెతో గట్టిగా రుద్దండి. తడి సాక్సులు వేసుకోకండి. అందరికీ పంపండి."

ఈ మెసేజ్ నాకు ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. ఇక ఊరుకోలేను, ఎందుకంటే మా పిన్ని ఇది నమ్మింది.

రక్తం గడ్డకట్టడం కాదు. దీన్ని చిల్‌బ్లెయిన్స్ అంటారు. షుగర్ లేనివాళ్లకూ వస్తుంది. సన్నగా ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, చలికి వేళ్లు తెల్లబడే స్వభావం ఉన్నవాళ్లకు ఎక్కువ. దీనికి మంచు పడనక్కర్లేదు. చలితోపాటు తడి ఉంటే హైదరాబాద్ జనవరి చాలు.

ఇక ఆ వేడినీళ్లు. పటాన్‌చెరులో ఉండే పిన్ని తెల్లవారుజామున ఐదింటికి చన్నీళ్లతో వాకిలి కడిగి, తడికాళ్లతోనే బండల మీద తిరిగేది. సాయంత్రానికి రెండు కాళ్ల చిటికెన వేళ్లు ఉబ్బి, ఊదారంగుకు తిరిగి మంట, దురద. మెసేజ్ చూసి బకెట్‌లో కాళ్లు పెట్టింది. రాత్రికి వాపు పెరిగి, ఒక వేలికి బొబ్బ లేచింది.

ఎందుకంటే, చలికి చర్మంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒక్కసారిగా వేడి తగిలితే రక్తం ఉరికొస్తుంది, నాళాలు తట్టుకోలేక చుట్టూ నీరు ఊరుతుంది. ఆ వాపు, దురద అదే. హీటర్ దగ్గర పెట్టినా, హాట్‌వాటర్ బ్యాగ్ ఆనించినా ఇంతే. గట్టిగా రుద్దితే ఉబ్బిన చర్మం చిట్లుతుంది. షుగర్‌తో కాళ్లు మొద్దుబారిన మనిషికి "భరించగలిగినంత" అని ఎలా చెబుతారు? వేడే తెలియదు కదా, చర్మం కాలిపోయాక చూసుకుంటారు. వాళ్లకే వస్తుందని చెప్పి, వాళ్ల కాళ్లనే కాల్చుకోమంటారా?

పిన్నికి చేసిందల్లా ఇదే: కాళ్లు మెత్తటి బట్టతో అద్ది, వేళ్ల సందులు ఆరనిచ్చాం. వదులుగా ఉండే నూలు సాక్సులు తొడిగి, దుప్పటి కప్పి, వాటంతట అవే వెచ్చబడనిచ్చాం. దురదకు గోకనివ్వలేదు, బొబ్బ చిదమలేదు. వాకిలి పని ఎండ వచ్చాకే. రెండు వారాల్లో రంగు తగ్గింది.

తడి సాక్సుల మాట మాత్రం నిజం. పిన్ని విషయంలో అసలు కారణం ఆ తడే. దాన్ని ముందే పట్టించుకోనిది నేను.

చీము పట్టినా, మూడు వారాలు దాటినా, ఎండాకాలంలోనూ వస్తున్నా, కీళ్ల నొప్పులు, ముఖం మీద ఎర్రటి దద్దుర్లు తోడైనా చర్మ డాక్టర్‌కు చూపించండి. ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ లాంటి జబ్బు వెనక ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు మొదటిరోజే వెళ్లండి. ఒకే కాలు చల్లబడి పాలిపోయినా, వేలు నల్లబడినా అది చిల్‌బ్లెయిన్స్ అనుకోవద్దు, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి.