లిమిట్ వర్కర్‌ది కాదు, అకౌంట్‌ది

ఫీజు గడువు గుర్తుచేస్తూ 36,000 మంది తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్‌లు పంపాలి. గేట్‌వే మా అకౌంట్‌కి పెట్టిన లిమిట్ సెకనుకు 10 రిక్వెస్టులు. లెక్క ప్రకారం గంటలో అయిపోవాలి. పొద్దున పదింటికి మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి కూడా క్యూ పెద్దగా తరగలేదు. నాలుగు వర్కర్లూ ఊపిరి సలపకుండా పనిచేస్తున్నాయి, లాగ్ నిండా మాత్రం 'లిమిట్ దాటారు' అనే 429లే. వర్కర్లు బిజీగా ఉండి క్యూ గ్రాఫ్ అడ్డగీతలా సాగుతోందంటే కారణం ఇలాంటి లిమిటే కావచ్చు.

ఒక్కో రిక్వెస్టుకు 200 మిల్లీసెకన్లు పట్టేది. అంటే ఒక వర్కర్ సెకనుకు 5, నాలుగు కలిస్తే 20. కనీసం సగం తిరిగొస్తాయి. తిరిగొచ్చినవాటిని మా కోడ్ వెంటనే మళ్లీ క్యూలో పడేసేది. తిప్పికొట్టిన రిక్వెస్టులను కూడా గేట్‌వే లెక్కలో వేసుకునేది, అందుకే ఆ రీట్రైలే మా కోటాను తినేశాయి.

అందరికీ ముందు తట్టేది ప్రతి రిక్వెస్టు తర్వాత `sleep(0.1)` పెట్టడం. ఒకే వర్కర్ ఉంటే 200కు 100 కలిసి సెకనుకు మూడు పైచిలుకు మాత్రమే వెళ్తాయి, పని మూడు గంటలు సాగుతుంది. నాలుగు వర్కర్లుంటే సెకనుకు 13 దాటి మళ్లీ 429లు. మేం క్యూ నడపడానికి వాడే సెలెరీలోని `rate_limit` కూడా ఒక్కో వర్కర్‌కు విడిగా వర్తించేదే. అది తెలియక '10/s' అని రాసి నిశ్చింతగా ఉన్నవాళ్లను చాలామందిని చూశాను. లిమిట్ ఉన్నది అకౌంట్‌కి. కాబట్టి లెక్క కూడా వర్కర్లన్నీ చూసే ఒకే చోట ఉండాలి.

ఆ తర్వాత మేం చేసిన పొరపాటు ఇంకా ఖరీదైనది. మెసేజ్‌లన్నిటికీ సెకనుకు 8 చొప్పున ముందే టైములు పంచేశాం: మొదటిది ఇప్పుడు, చివరిది 75 నిమిషాల తర్వాత. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ మా బ్రోకర్ రెడిస్. గంటలోగా వర్కర్ నుంచి ack కబురు అందని పనిని సెలెరీ డిఫాల్ట్‌గా పోయిందనుకుని మళ్లీ ఇచ్చేస్తుంది. గంట దాటాక పంపాల్సినవి రెండుసార్లు వెళ్లాయి. ఒకే రిమైండర్ రెండుసార్లు అందుకున్న తల్లి 'కట్టేశాను కదా, మళ్లీ ఎందుకు పంపారు' అని కాలేజీకి ఫోన్ చేస్తే జవాబు చెప్పాల్సింది అక్కడి క్లర్కు. ఆ టెన్షన్ ఆ క్లర్కుకు మా వల్లే వచ్చింది.

చివరికి నిలిచిన పద్ధతి చిన్నది. వర్కర్ పంపబోయే ముందు రెడిస్‌ని 'నా వంతు ఎప్పుడు' అని అడుగుతుంది:

```lua
local t = redis.call('TIME')
local now = t[1]*1000 + math.floor(t[2]/1000)
local slot = math.max(now,
  tonumber(redis.call('GET', KEYS[1]) or '0'))
redis.call('SET', KEYS[1], slot + tonumber(ARGV[1]))
return slot - now
```

వచ్చిన జవాబు ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలన్నది. స్క్రిప్టు మధ్యలో ఇంకొకరు దూరలేరు కాబట్టి ఇద్దరికి ఒకే వంతు రాదు. గడియారం కూడా రెడిస్‌దే, సర్వర్ల టైముల తేడాతో పేచీ లేదు. వర్కర్ ఒక్కసారికి ఒక్క పనే తీసుకునేలా పెట్టాం కాబట్టి వంతుకోసం ఆగేది అర సెకను లోపే. పై గంట గడువు దాకా వెళ్లే ప్రశ్నే రాదు. గేట్‌వే నెమ్మదించి ఒక్కో రిక్వెస్టుకు 400 మిల్లీసెకన్లు పట్టినా నాలుగు వర్కర్లు సరిపోతాయి.

అప్పుడప్పుడూ 429 వస్తూనే ఉంటుంది. అది మెసేజ్‌లో తప్పు కాదు, అందుకే దాన్ని విఫల ప్రయత్నంగా లెక్కించకూడదు. సెలెరీ డిఫాల్ట్‌గా మూడు రీట్రైలే ఇస్తుంది, అవి 429లకే ఖర్చయిపోతే ఏ లోపం లేని మెసేజ్ కూడా విఫలమైనట్టు నమోదవుతుంది. `Retry-After` 20 సెకన్లు అని వస్తే, ఆ ఒక్క పనిని కాదు, రెడిస్‌లోని తర్వాతి వంతునే ఇప్పటినుంచి 20 సెకన్ల తర్వాతకు జరపాలి. అప్పుడు వర్కర్లన్నీ ఆగుతాయి.

ఇంతా చేసి ఓటీపీలను ఇదే వరసలో నిలబెడితే లాగిన్ అవ్వాలనుకున్న విద్యార్థి గంటకు పైగా ఎదురుచూడాలి. అందుకే వాటికి వేరే క్యూ, వేరే వర్కర్, వేరే కీ పెట్టాం. రిమైండర్లకు 125 మిల్లీసెకన్ల ఎడం, అంటే సెకనుకు 8. ఓటీపీలకు 500, అంటే 2. ఓటీపీలు లేనప్పుడు ఆ రెండూ వృథాయే, నిజమే. అయినా 60 నిమిషాల పని 75 అయితే ఎవరికీ నష్టం లేదు. గడువు తీరిన ఓటీపీని మాత్రం పంపకుండా పారేయాలి.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. రోజంతా సెకనుకు 8 కన్నా ఎక్కువ రిమైండర్లు వచ్చిపడుతుంటే ఏ స్క్రిప్టూ క్యూని ఖాళీ చేయలేదు. అప్పుడు ఒకే రిక్వెస్టులో అనేక నంబర్లు పంపే వీలుందేమో చూడాలి, లేదా లిమిట్ పెంచమని గేట్‌వేని అడగాలి. మేం ఇప్పుడు అలారం పెట్టుకున్నది క్యూ పొడవు మీద కాదు, అందులోని అన్నిటికన్నా పాత మెసేజ్ వయసు మీద. అది 90 నిమిషాలు దాటితే ఫోన్ మోగుతుంది.