ఉత్తమ పురుషుణ్ణి ప్రథమ పురుషలోకి మార్చడం ఎలా

తెలుగు వ్యాకరణంలో 'నేను'ని ఉత్తమ పురుష అంటారు. 'ఆయన', 'ఆమె' ప్రథమ పురుష. 'నేను'కి ఆ పేరు పెట్టిన పండితుడెవరోగానీ, సదస్సులకి వక్తలు రాసి పంపే బయోలు ముందే చదివి ఉంటాడని నా అనుమానం. నిర్వాహకులు అడిగేది ప్రథమ పురుషలో నాలుగు ముక్కలు. వచ్చేది ఉత్తమ పురుషుడి జీవిత చరిత్ర.

ఈ మధ్య ఒక సదస్సు కార్యక్రమ పత్రం తయారుచేసే పని నా నెత్తిన పడింది. ఒక్కో వక్తకి ఒక ఫొటో, 70 మాటలకు మించని పరిచయం. అంతే జాగా. ఒకాయన మాత్రం 312 మాటలు పంపారు. పేరు చెప్పను, ఫలానా గారు అందాం. మొదలు ఇలా ఉంది: "ప్రపంచ ప్రఖ్యాత డేటా దార్శనికులు, నవకల్పనల పట్ల తీరని తపన గల ఆలోచనాపరులు, రెండు దశాబ్దాలకు పైబడిన అపార అనుభవంతో లెక్కలేనన్ని సంస్థల భవితవ్యాన్ని మార్చిన మార్గదర్శి, బహుళ పురస్కారాల గ్రహీత, అంతర్జాతీయ నామినీ, శ్రీ ఫలానా గారు..."

ఇంతవరకు వాక్యంలో ఒక్క క్రియ కూడా రాలేదు. కాఫీ తెచ్చుకుని వెతికాను. మొదటి క్రియ ఐదో పంక్తిలో దొరికింది. 'జన్మించారు.'

మొత్తం చదివాక కూడా ఆయన ఉద్యోగం ఏమిటో నాకు తెలియలేదు. దార్శనికులన్నారు సరే, దేన్ని దర్శించారు? సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాక ఏం చేస్తారు?

ప్రథమ పురుషలో రాయమని ఎందుకు అడుగుతారో చాలామందికి తెలియదు. ఆ ముక్కని సభాధ్యక్షుడు మైకు ముందు నిలబడి చదవాలి. అంటే మీరు రాసేది వేరే మనిషి నోటి కోసం. మీకు మీరు 'ప్రఖ్యాత' అని తగిలించుకుంటే అది సొంత డబ్బా. అదే మాట మీరు ఎవరో కూడా తెలియని అధ్యక్షుడి చేత అనిపిస్తే, ఆయన చేత పూచీకత్తు మీద సంతకం పెట్టించుకున్నట్టు. ఆయన కళ్లజోడు సవరించుకుని, 'తీరని తపన' దగ్గర ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని ముందుకు పోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ ఒక్క క్షణం చాలు, హాలంతటికీ విషయం అర్థమైపోతుంది.

తన గురించి తాను ప్రథమ పురుషలో రాసుకున్నవాళ్లలో పాతకాలపు మొనగాడు జూలియస్ సీజర్. గాల్ యుద్ధాల కథ రాస్తూ 'నేను' అనకుండా, పక్కవాడెవడి గురించో చెప్తున్నట్టు 'సీజర్' అనే రాశాడు. కానీ ఆ పేరు ముందు 'మహావీరుడైన' అని పెట్టుకుంటూ పోలేదు. కలప పోగేయడం మొదలుపెట్టిన పది రోజుల్లో రైన్ నది మీద వంతెన పూర్తయి సైన్యం దాటిందని రాశాడు. ఆయన డబ్బా కొట్టుకోలేదని నేననను. అయితే ఆ పని 'పది రోజులు' అన్న అంకెకి అప్పజెప్పాడు. ఫలానా గారు విశేషణాలకి అప్పజెప్పారు.

తెలుగులో ఇంకో సౌకర్యం ఉంది. గౌరవం క్రియలోనే ఉంటుంది. 'పనిచేస్తున్నారు' అంటే చాలు, దండం అందులోనే పెట్టేశాం. మళ్లీ ముందు 'శ్రీ', వెనక 'గారు', వాటి మీద 'డాక్టర్' అక్కర్లేదు. అందులోనూ, ఎవరో శాలువాతో పాటు ఇచ్చిన గౌరవ డాక్టరేట్‌ని పేరుకి ముందు తగిలించుకోకపోవడం మర్యాద.

సరే, ఫోన్ చేశాను. నా పద్ధతి ఒకటే. ప్రతి విశేషణాన్నీ ఆపి ఎవరు, ఎన్ని, ఎప్పుడు అని అడుగుతాను. జవాబున్నవి బయోలోకి పోతాయి. లేనివాటికి మర్యాదగా దారి చూపిస్తాను.

"సార్, బహుళ పురస్కారాలన్నారు. ఏవి, ఎవరిచ్చారు, ఏ సంవత్సరం?"

"చాలా ఉన్నాయండీ."

"ఒక్కటి చెప్పండి చాలు."

కాసేపు మాట లేదు. "2017లో మా ఆఫీసులో బెస్ట్ టీమ్ అవార్డు వచ్చింది."

"అది టీమ్‌కి కదా సార్?"

"టీమ్‌లో నేనూ ఉన్నాను కదండీ!"

కాదనలేను. 'బహుళ' అన్నది పురస్కారాల సంఖ్య కాదు, తీసుకున్నవాళ్ల సంఖ్య అని రాసుకున్నాను.

'అంతర్జాతీయ నామినీ' సంగతి అడిగితే, ఒక వెబ్‌సైట్‌లో ఫారం నింపారని తేలింది. నింపినవారు కూడా ఆయనే. ఆయన్ని ఒక్కరినే అనడం న్యాయం కాదు. నోబెల్‌కి నామినేట్ అయ్యానని బయోలో రాసుకునేవాళ్లూ ఉన్నారు. నోబెల్ నామినేషన్ల వివరాలను కమిటీలు 50 ఏళ్లపాటు బయటపెట్టవు. పైగా శాంతి బహుమతికైతే పేరు పంపే అర్హత ప్రపంచంలో వేలమందికి ఉంది, పార్లమెంటు సభ్యుల నుంచి కొన్ని సబ్జెక్టుల ప్రొఫెసర్ల దాకా. కాబట్టి ఆ మాట నిజమైనా దాని బరువు తక్కువ. అబద్ధమైతే పట్టుబడటానికి అర్ధశతాబ్దం పడుతుంది. ఇంత భద్రమైన గొప్ప ఇంకోటి ఉండదు కాబట్టే అనుభవమున్న ఎడిటర్ దాన్ని మొదట కొట్టేస్తాడు.

ఇంకో పంక్తిలో, ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈ 'ఎంపిక చేసిన సభ్యులు' అని ఉంది. మామూలు సభ్యత్వమంటే అర్హత ఉండి ఏటేటా చందా కట్టడం. ఫెలో అంటే వేరు. ఏడాదికి ఎన్నికయ్యే కొత్త ఫెలోలు ఓటున్న సభ్యుల్లో వెయ్యికి ఒకరిని మించకూడదని నియమం. తేడా తెలిసినవాళ్లు ముందు వరుసలో కూర్చుని ఉంటారు. వాళ్లకి 'సభ్యులు' అంటే నొప్పి లేదు, 'ఎంపిక చేసిన' అంటేనే నవ్వొస్తుంది.

'రెండు దశాబ్దాలకు పైబడిన అపార అనుభవం' ఎప్పుడు మొదలైందని అడిగితే 2006 అన్నారు. '2006 నుంచి' అని రాశాను. వచ్చే ఏడాది కూడా అది నిజంగానే ఉంటుంది, మార్చే పని ఉండదు. 'అపార' ఎటుపోయిందని ఆయన అడిగారు. 2006లోనే కలిసిపోయిందన్నాను.

ఇక అసలు కథ 'లెక్కలేనన్ని సంస్థలు' దగ్గర బయటపడింది. లెక్కపెడితే మూడు. పాత కంప్యూటర్ వ్యవస్థల్లోని రికార్డుల్ని కొత్తవాటిలోకి మార్చే పని. పెద్దది ఏదంటే 14 ఏళ్ల బిల్లింగ్ రికార్డులన్నారు. బృందంలో 11 మంది, డేటా సరిచూసే బాధ్యత ఈయనది.

"అంతా సాఫీగా జరిగిందా సార్?"

"అద్భుతంగా జరిగింది." తర్వాత కాస్త గొంతు తగ్గించి, "రెండోసారి," అన్నారు.

మొదటిసారి ఏమైందో చెప్పించడానికి పావుగంట పట్టింది. పాత వ్యవస్థ తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో రాసేది. కొత్తది నెల, రోజు, సంవత్సరం అని చదివింది. మార్చి 12న ఇచ్చిన బిల్లు డిసెంబర్ 3కి పోయింది. 30 రోజుల గడువు, అంటే ఏప్రిల్ 11, నవంబర్ 4 అయింది. బిల్లు పుట్టకముందే గడువు దాటిపోయిందన్నమాట. 25వ తేదీ బిల్లులకైతే 25వ నెల దొరక్క తేదీ గడి ఖాళీగా మిగిలింది. వీళ్ల తనిఖీ మాత్రం రెండు వైపులా ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టి, సరిపోయాయని టిక్ పెట్టేసింది. వరుసలు నిజంగానే సరిపోయాయి, ఒక్కటీ పోలేదు. వెనక్కి తిప్పి మళ్లీ పాత వ్యవస్థ మీదికి వెళ్లారు. రెండోసారి లెక్కతో ఆగకుండా, బిల్లు తేదీ కన్నా గడువు ముందున్న వరుసలు ఏవైనా ఉన్నాయా, ఖాళీ తేదీలు ఎన్ని అని కూడా చూశారు.

312 మాటల్లో దీని గురించి ఒక్క మాట లేదు. ఆయన ప్రసంగం దీని గురించే!

"ఫెయిలైంది కూడా రాస్తారా? నాకు టెన్షన్‌గా ఉందండీ," అన్నారు.

ఆ టెన్షన్‌లోనే మర్నాడు ఇంకో బయో పంపారు. ఈసారి వినయం విశ్వరూపం ఎత్తింది. "అల్పజ్ఞుడైన ఫలానా, పెద్దల ఆశీస్సులతో ఏదో ఉడతాభక్తిగా సేవ చేస్తూ, ఇంతటి గౌరవానికి తాను తగుదునా అని నిరంతరం ఆశ్చర్యపోతుంటారు." దీనిలోనూ ఉద్యోగం ఏమిటో లేదు. మొదటిది డప్పు, ఇది తంబురా. రెండింటిలోనూ వినిపిస్తున్నది వాయించేవాడే. పైగా అల్పజ్ఞుడి ప్రసంగానికి జనం గంటసేపు ఎందుకు కూర్చోవాలి? తగ్గించి రాయడమంటే చేసినదాన్ని తక్కువ చేయడం కాదు. పదకొండు మందిలో తన పని ఏదో అంతవరకే చెప్పి, మిగతా పది మందిని వాక్యంలో ఉండనివ్వడం. ఇది చెప్పడానికి ఇంకో పావుగంట పట్టింది.

చివరికి అచ్చుకి వెళ్లింది ఇది:

"ఫలానా 2006 నుంచి డేటాబేస్ ఇంజినీరుగా పనిచేస్తున్నారు. ఇప్పటివరకు మూడు సంస్థల పాత రికార్డులను కొత్త వ్యవస్థల్లోకి మార్చిన బృందాల్లో ఉన్నారు. వాటిలో పెద్దది 14 ఏళ్ల బిల్లింగ్ రికార్డుల మార్పిడి. 11 మంది బృందంలో డేటా సరిచూసే పని ఆయనది. మొదటి ప్రయత్నంలో తేదీలు తారుమారై పాత వ్యవస్థకే వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఆ పొరపాటు వరుసల లెక్కలో ఎందుకు బయటపడలేదో, రెండోసారికి సరిచూసే పద్ధతిని ఎలా మార్చారో ఈ ప్రసంగంలో వివరిస్తారు."

53 మాటలు. క్లయింటు పేరు వేయలేదు, దానికి వాళ్ల అనుమతి కావాలి. ఆఫీసు అవార్డు కూడా వేయలేదు. అది నిజమే, కానీ తేదీల గురించి వినడానికి వచ్చేవాళ్లకి దాంతో పని లేదు. అచ్చుకి ముందు ఆయనకి పంపితే, రెండుసార్లు చదివి, "ఈయనెవరోగానీ పని తెలిసినవాడిలా ఉన్నాడండీ," అన్నారు. కొంచెం అసూయగానే అన్నారు.

సదస్సు రోజున అధ్యక్షుడు ఎక్కడా ఆగకుండా చదివేశారు. ప్రసంగం అయ్యాక వచ్చిన ప్రశ్నలన్నీ ఆ మొదటిసారి గురించే. ఆయన దార్శనికత గురించి ఒక్కరూ అడగలేదు. ఆయన కూడా బాధపడినట్టు కనిపించలేదు.

మొన్న ఇంకో సదస్సు కార్యక్రమ పత్రం చేతికొచ్చింది. మా ఫలానా గారి ఫొటో, కింద అదే బయో, అవే వాక్యాలు. సంతోషపడబోతూ లెక్కపెట్టి చూశాను. 54 ఉన్నాయి. పేరుకి ముందు ఒక మాట చేరింది: "నిగర్వి".