302 సార్‌కి రాసిన బకాయి ఉత్తరం

మా అపార్ట్‌మెంట్‌లో 36 ఫ్లాట్లు. ఏడాదిన్నరగా ట్రెజరర్‌గా చేస్తున్నాను. మొన్న 302 సార్‌కి మెయింటెనెన్స్ బకాయి గురించి ఒక ఉత్తరం రాశాను. ఒక్క పేజీ ఉత్తరం, నాలుగు రోజులు పట్టింది. మీ అపార్ట్‌మెంట్‌లో కూడా ఎవరో ఒకరు ఇలాంటి ఉత్తరం రాయాల్సి వస్తుంది కాబట్టి ఆ నాలుగు రోజులూ ఏం నేర్చుకున్నానో చెప్తాను.

సార్‌ది 1,400 చదరపు అడుగుల ఫ్లాట్. అడుగుకి రెండున్నర చొప్పున నెలకి 3,500. ఆగస్టు నుంచి మార్చి దాకా కట్టలేదు. మధ్యలో డిసెంబరులో ఒకసారి 5,000 ఫోన్‌లో పంపారు, దేనికోసమో రాయలేదు. అడిగితే ఒకటే మాట: "ముందు మా బాత్రూమ్ లీకేజీ సంగతి తేల్చండి, తర్వాత డబ్బుల గురించి మాట్లాడదాం."

మొదట నేను కోపంతో రాశాను. మార్చిలో జీతాల రోజున వాచ్‌మన్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతని జీతం 14,000. ఖాతాలో చూస్తే అతనికిస్తే కామన్ కరెంటు బిల్లుకి చాలదు, ఆ బిల్లు కడితే అతనికి చాలదు. "పర్లేదు సార్, రెండు రోజులాగి తీసుకుంటా" అన్నాడు. అతని పిల్లాడి ఫీజు గడువు ఆ వారమే అని నాకు తెలుసు. ఆ రాత్రే ఉత్తరం మొదలుపెట్టాను. బకాయి 28,600 అన్నాను, కట్టకపోతే నీళ్లు ఆపుతామన్నాను, నోటీసు బోర్డులో పేరు పెడతామన్నాను.

పొద్దున్నే మళ్లీ చదివితే అందులో నిలబడే ముక్క ఒక్కటీ కనపడలేదు.

ముందుగా ఆ అంకె. ఎనిమిది నెలలకి 28,000. లిఫ్ట్ రోప్ మార్చినప్పుడు జనరల్ బాడీ ఫ్లాట్‌కి 4,000 వేసింది. ఆయన పంపిన 5,000 తీసేస్తే 27,000. మిగతా 1,600 ఏంటంటే నెలకి 200 చొప్పున ఆలస్య రుసుము. ఆ రుసుము ఎవరు పెట్టారని మినిట్స్ పుస్తకం తిరగేశాను. కమిటీ మీటింగ్‌లో అనుకున్నామే గానీ జనరల్ బాడీలో తీర్మానం లేదు, బైలాస్‌లోనూ లేదు. అంటే ఆ 1,600 అడిగే హక్కు మనకి లేదు. తీసేశాను. అటు సార్ లెక్కలో బకాయి 23,000. లిఫ్ట్ 4,000 సంగతి ఆయనకి తెలియదు, ఆ మీటింగ్‌కి ఆయన రాలేదు, మినిట్స్ కాపీ మనం పంపలేదు. ఇద్దరం ఆరు నెలలుగా చెరో అంకె పట్టుకుని వాదించుకుంటున్నాం.

డిసెంబరు 5,000 ఏ నెలకి జమ చేయాలన్నది కూడా చూడాలి. కట్టినవారు ఫలానా నెలకి అని చెప్తే దానికే వేయాలి. చెప్పకపోతే మనం పాత బాకీకి వేసుకోవచ్చు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోనే ఉందిది. అందుకని ఆగస్టు పూర్తిగా తీరింది, సెప్టెంబరులో 1,500 తీరింది అని విడమరిచి రాశాను. సెప్టెంబరు మిగులు 2,000, ఆ తర్వాత ఆరు నెలలకి 21,000, లిఫ్ట్‌కి 4,000. ఎవరు కూడినా 27,000 వస్తుంది.

ఇక నీళ్లు ఆపడం. ఈ మాట చాలా అపార్ట్‌మెంట్లలో వింటాను, దయచేసి అనకండి. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు ఉంటారు. బాకీ వసూలుకి నీళ్లు ఆపే అధికారం మనకి లేదు, ఆపితే కేసు మన మీదే అవుతుంది. బోర్డు మీద పేరు రాయడం, వాట్సాప్ గ్రూపులో ఫ్లాట్ నంబరు పెట్టడం కూడా అంతే, ఒక మనిషిని పదిమందిలో నిలబెట్టి అవమానించడం. మనకున్న దారి వేరు: ఉత్తరం, తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు, ఆ తర్వాత లాయరు నోటీసు, కోర్టు. ఫ్లాట్ అమ్మేటప్పుడు మన దగ్గర నో డ్యూస్ తీసుకోవాల్సిన అవసరమూ వస్తుంది. ఉత్తరంలో రెండే వాక్యాలు పెట్టాను: "ఈ నెల 30వ తేదీలోగా జమ చేయగలరు. వీలుకాని పక్షంలో కమిటీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపవలసి వస్తుంది, ఆ పరిస్థితి రాకూడదని నా కోరిక." చేయలేనిది ఒక్కటీ అనలేదు కాబట్టి అన్న మాట మీద నిలబడగలను.

నాకు ఎక్కువ సమయం పట్టింది మాత్రం లీకేజీ దగ్గరే. ఇన్నాళ్లూ మేం "అది పైన 402 వాళ్ల సమస్య, మీరూ మీరూ చూసుకోండి" అని చేతులు దులుపుకున్నాం. ఉత్తరం రాసే ముందు ఒకసారి చూడాలనిపించి ప్లంబర్‌ని తీసుకెళ్లాను. బాత్రూమ్ సీలింగ్ మూలలో సున్నం పొక్కులు లేచి రాలిపోతోంది, వేలు పెడితే తడి. 402 వాళ్లని బతిమాలి వాళ్ల బాత్రూమ్ ట్రాప్ మూసి, నేల మీద రంగు కలిపిన నీళ్లు నిలబెట్టాం. ఒక రాత్రంతా ఉంచినా కింద రంగు చుక్క రాలేదు. రంగు దిగి ఉంటే 402 వాటర్‌ప్రూఫింగ్ పోయిందని అర్థం, ఖర్చు వాళ్లది. మర్నాడు పొద్దున ఐదో అంతస్తు వాళ్లు స్నానాలు మొదలెట్టగానే తడి పెరిగింది. అంటే పోయింది షాఫ్ట్‌లో పైనుంచి కిందికి దిగే కామన్ పైపు జాయింటు. ఆ పైపు అందరిదీ. బాగు చేయించాల్సింది అసోసియేషనే.

తప్పు మాదని తెలిశాక ఉత్తరం రాయడం నాకు తేలికైంది. ఇలా రాశాను: "మీ లీకేజీ షాఫ్ట్ పైపు వల్లనని తేలింది. ఇది అసోసియేషన్ బాధ్యత. ఇన్నాళ్లు పట్టించుకోనందుకు కమిటీ తరఫున క్షమాపణ చెబుతున్నాను. మరమ్మతు ఖర్చు పూర్తిగా మాదే. అయితే మెయింటెనెన్స్ వాచ్‌మన్ జీతానికి, నీళ్లకి, లిఫ్ట్‌కి వెళ్తుంది. వాటిని మీ కుటుంబం కూడా రోజూ వాడుకుంటోంది. కాబట్టి ఈ రెండింటినీ విడివిడిగా చూడవలసిందిగా కోరుతున్నాను." పైపు చెడిపోతే అడిగే హక్కు ఆయనకి ఎంత ఉందో, నెల డబ్బులు అడిగే హక్కు మాకూ అంతే ఉంది. ఒకదానికి ఇంకొకటి తాకట్టు పెడితే పైపు బాగు చేయించే డబ్బు కూడా ఖాతాలో ఉండదు.

చివర్లో "పై లెక్క సరైనదే" అని ఒక వరస, కింద సంతకానికి, తేదీకి చోటు వదిలాను. దీనికో కారణం ఉంది. ఇలాంటి బాకీ కోసం కోర్టుకి వెళ్లడానికి మామూలుగా మూడేళ్ల గడువు. మనం ఎన్ని రిమైండర్లు పంపినా ఆ గడువు పెరగదు, గడువు దాటకముందే బాకీదారు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తేనే మళ్లీ మొదటి నుంచి లెక్క. నాకంటే ముందున్న కమిటీ ఒక ఫ్లాట్‌కి లెక్కలేనన్ని ఉత్తరాలు పంపింది, ఒక్కదాని మీదా సంతకం లేదు. ఆ ఫైలు చూసిన లాయరు పాత నెలల మీద ఆశ వదులుకోమన్నాడు.

ఆదివారం పొద్దున నేనే వెళ్లి ఇచ్చాను. సార్ గుమ్మంలో నిలబడే చదివారు, క్షమాపణ ఉన్న చోట ఆగి మళ్లీ చదివారు. లోపలికి వెళ్లి పాత బిల్లు తెచ్చారు, అక్టోబరులో ఆయనే ప్లంబర్‌కి ఇచ్చుకున్న 1,800. "ఇది మరి?" అన్నారు. అది మేం పెట్టుకోవాల్సిన ఖర్చే, కమిటీ వాళ్లతో అక్కడే ఫోన్‌లో మాట్లాడి 25,200 అని దిద్ది ఇద్దరం సంతకం చేశాం. సాయంత్రానికి 15,000 వచ్చింది, మిగతాది వచ్చే నెల జీతంలో ఇస్తామన్నారు. షాఫ్ట్ పైపు పని సోమవారం మొదలవుతుంది, ఆ రోజు పొద్దున పది నుంచి రెండింటి దాకా 02 వరసలో నీళ్లు రావు.