పెట్టెలోనే తాళంచెవి: బ్యాకప్ కోడ్‌ల ఫార్వార్డ్‌కు నా జవాబు

"ఫోన్ పోయినా నో టెన్షన్! గూగుల్ బ్యాకప్ కోడ్‌లను స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ ఫొటోస్‌లో పెట్టుకోండి. పాస్‌వర్డ్ మర్చిపోయినా ఒక్క కోడ్ చాలు. నెలకోసారి కొత్త కోడ్‌లు తీసుకోండి. ఒక కోడ్ ముందే వాడి చూసుకోండి. పదిమందికీ పంపండి."

ఈ వారంలో ఇది నాకు రావడం నాలుగోసారి. అపార్ట్‌మెంట్ గ్రూపు, కాలేజీ గ్రూపు, ఆఫీసు గ్రూపు పంపినప్పుడు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. నాలుగోది మా పెద్దమ్మ పంపింది, కింద "నేను అలాగే చేసేశాన్రా" అని కూడా రాసింది. ఇక ఊరుకోవడం కుదరదు.

పాస్‌వర్డ్ మాట శుద్ధ తప్పు. బ్యాకప్ కోడ్ అంటే పాస్‌వర్డ్ తర్వాత జరిగే రెండో తనిఖీకి, ఫోన్ చేతిలో లేనప్పుడు కొట్టే అంకెలు. దాన్ని అడిగేదే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టాక. అంతకుమించి దాని గురించి చెప్పడానికేం లేదు.

అసలు గోల ఫొటోస్‌ది. పోయినేడాది మా బావ విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక వెళ్తుంటే బస్సులో ఫోన్ కొట్టేశారు. సాయంత్రానికి కొత్త ఫోన్ కొన్నాడు, అదే నంబర్‌తో సిమ్ కూడా తీసుకున్నాడు. ధీమాగా జీమెయిల్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాడు. పాత ఫోన్‌లో అవునని నొక్కమంది. ఆ ఫోన్ దొంగ దగ్గరుంది. లాగిన్ కోడ్‌లు చూపించే ఆథెంటికేటర్ యాప్ కూడా దాంట్లోనే. ఎస్సెమ్మెస్ పంపమన్నాడు, రాలేదు. ఫోన్ ఆపి మళ్ళీ వేశాడు, కిటికీ దగ్గరికి వెళ్ళాడు, అయినా రాలేదు. వచ్చే దారే లేదు: మన దేశంలో సిమ్ మార్చాక ఎస్సెమ్మెస్‌లు 24 గంటలు ఆపేస్తారు, దొంగలు మన నంబర్ మీద సిమ్ తీసి ఓటీపీలు లాక్కోకుండా. మంచి నియమమే. కానీ ఆ రాత్రి దానికి బలైంది సిమ్ సొంతదారే.

"పర్లేదు, బ్యాకప్ కోడ్‌లు ఉన్నాయి కదా" అన్నాడు. ఎక్కడున్నాయి? ఫొటోస్‌లో. ఫొటోస్ తెరవాలంటే? లాగిన్ అవ్వాలి. లాగిన్ అవ్వాలంటే? కోడ్ కావాలి. పెట్టె తాళంచెవి పెట్టెలో పడేసి తాళం నొక్కేసిన మనిషిలా సోఫాలో కూర్చున్నాడు. మర్నాడు ఉదయం అమ్మాయి పరీక్ష, హాల్ టికెట్ ఆ మెయిల్‌లో ఉంది.

గట్టెక్కించింది ఏ ఫార్వార్డూ కాదు, అక్క టేబుల్ మీద దుమ్ముపట్టి ఉన్న లాప్‌టాప్. దాంట్లో బావ అకౌంట్ ఇంకా లాగిన్‌లోనే ఉంది. హాల్ టికెట్ అందులోంచే ప్రింట్ తీశారు. మీకూ ఇలా జరిగితే కొత్త ఫోన్‌తో కుస్తీ పట్టకముందు ఇంట్లో ఇంకెక్కడైనా లాగిన్ అయి ఉందేమో చూడండి.

మరి ఎక్కడ పెట్టాలి? కాగితం మీద. నవ్వుకోండి, పర్లేదు. గూగుల్ ఇచ్చేవి పది కోడ్‌లు, ఒక్కోటి ఎనిమిది అంకెలు. వాటిని బాల్‌పెన్‌తో నాలుగేసి అంకెలుగా విడదీసి రాయండి, 1కీ 7కీ తేడా తెలిసేలా. మన బీచ్ రోడ్డు గాలికి ఇంకు పెన్ను రాత చెమ్మ పట్టి అలుక్కుపోతుంది. పైన ఏ అకౌంటో, ఏ తేదీన తీసినవో రాయండి. పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితం మీద వద్దు. ఒక ప్రతి బీరువాలో, ఇంకొకటి వేరే ఇంట్లో ఉండాలి. ఫోన్ కవర్ వెనక దోపితే, మహానుభావా, ఫోన్‌తోపాటే పోతుంది.

నెలకోసారి కొత్తవి తీసుకోవాలట! కొత్త సెట్ తీసిన క్షణమే పాత పదీ చెల్లవు. జనవరిలో కాగితం రాసి బీరువాలో పెట్టి, ఫిబ్రవరిలో ఫార్వార్డ్ చూసి బటన్ నొక్కి, రాసుకోవడం మర్చిపోతే, అవసరం పడిన రోజు పదికి పదీ కొట్టి చూసి గూగుల్‌ను తిట్టుకోవాలి. తేదీ రాయమన్నది ఇందుకే. కాగితం పోయినప్పుడు, ఎవరైనా చూశారని అనుమానమొచ్చినప్పుడు, కోడ్‌లు అయిపోవచ్చినప్పుడు తీసుకుంటే చాలు.

చివరిది, ఒక కోడ్ ముందే వాడి చూడమన్నది. "ఉన్న పదిలో ఒకటి తగలేయడమెందుకు" అనే నేనూ అనుకున్నాను, ఎందుకంటే ఒకసారి వాడిన కోడ్ మళ్ళీ పనిచేయదు. కానీ ఒప్పుకుంటున్నా, ఫార్వార్డ్‌లో సరైన మాట ఇదొక్కటే. బావ కొత్త కాగితం రాశాక లాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, `Try another way` నొక్కి, బ్యాకప్ కోడ్ ఎంచుకుని, మొదటిది కొట్టాడు. తప్పంది. చూస్తే, రాసేటప్పుడు 6ని 0 చేశాడు. దిద్దాక లోపలికి వెళ్ళింది. కాగితం మీద ఆ కోడ్‌ను గీత గీసి కొట్టేసి, మిగతా తొమ్మిదీ స్క్రీన్‌తో మళ్ళీ సరిచూసుకుని, విజయనగరంలో చెల్లెలికి ఫోన్ చేశాడు, ఫోన్ గొడవయ్యాక ఆమెకు రాసిచ్చిన పాత కాగితం చింపేయమని.