మూడుంబావుకి "అన్నీ అమ్మెయ్" అంటే సరిపోదు

అమీర్‌పేట, కూకట్‌పల్లి రూముల్లో కూర్చుని సొంతంగా పైథాన్ స్క్రిప్టులు రాసుకుంటూ ఇంట్రాడే చేసే కుర్రాళ్లని ఫలానా టైంకి స్క్రిప్టే అన్నీ మూసేసేలా టైం ఎగ్జిట్ పెట్టుకోమంటే ఈ మాట తెగ వింటున్నాను: "టైం ఎగ్జిట్ ఎందుకన్నా, ఎలాగూ బ్రోకరే స్క్వేర్ ఆఫ్ చేస్తాడు కదా." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మీరు మూయని పొజిషన్లని బ్రోకర్ తానే మూసేసే ఈ స్క్వేర్ ఆఫ్ తన డబ్బు కాపాడుకోవడానికి. మీ ధర ఎంతన్నది ఆయనకు పట్టదు. పైగా ఒక్కో ఆర్డర్‌కి 50 రూపాయలు, దాని మీద జీఎస్టీ వసూలు చేసేవాళ్లు ఉన్నారు. వెయ్యి రూపాయల లాభం కోసం రోజంతా స్క్రీన్‌కి అతుక్కుపోయేవాడు ఆఖరి పని మాత్రం ఇంకొకడి గడియారానికి ఎలా వదిలేస్తాడో నాకు అర్థం కాదు.

సొంతంగా ఎగ్జిట్ పెట్టుకున్నవాళ్లలోనూ ఎక్కువమంది రాసేది ఒకటే లైను: టైం అయింది, ఉన్న క్వాంటిటీ మార్కెట్ ఆర్డర్‌లో అమ్మెయ్. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

కూకట్‌పల్లిలో ఒక తమ్ముడికి జరిగింది చెబుతాను. 500 రూపాయల దగ్గర 400 షేర్లు ఇంట్రాడే కోసం ఉండే ఎంఐఎస్‌లో కొన్నాడు. 498.50 ట్రిగ్గర్‌తో స్టాప్ లాస్ సెల్ ఆర్డర్ పెట్టాడు. 3:15కి స్క్రిప్ట్ 500.80 దగ్గర 400 అమ్మేసింది. 320 రూపాయల లాభం. పని అయిపోయిందనుకుని చాయ్‌కి వెళ్లాడు. కానీ స్టాప్ లాస్ ఆర్డర్‌ని ఎవరూ క్యాన్సిల్ చేయలేదు. 3:18కి ధర జారింది, ట్రిగ్గర్ తగిలింది, 498.40 దగ్గర ఇంకో 400 అమ్ముడుపోయాయి. చేతిలో షేర్లు లేవు కాబట్టి అది కొత్త షార్ట్. 3:20కి బ్రోకర్ సిస్టం దాన్ని 499.60 దగ్గర కొని మూసేసింది. నష్టం 480, చార్జీ 59. లాభంతో ముగియాల్సిన రోజు, బ్రోకరేజీ, పన్నులు లెక్కేయకుండానే 219 నష్టంతో ముగిసింది. ఆర్డర్ బుక్ చూపిస్తే గానీ అతనికి షార్ట్ ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు.

అందుకే వరుస ముఖ్యం. ముందు కొత్త ఎంట్రీలు ఆపాలి. తర్వాత పెండింగ్ ఆర్డర్లు క్యాన్సిల్ చేయాలి. ఇక్కడ జెరోధా కైట్ ఏపీఐ వాడే చాలామంది స్టేటస్ `OPEN` ఒక్కటే వెతుకుతారు. ట్రిగ్గర్ తగలని స్టాప్ లాస్ ఆ పేరుతో కనిపించదు:

```python
pending = [o for o in kite.orders()
           if o["product"] == "MIS" and
           o["status"] not in ("COMPLETE", "CANCELLED", "REJECTED")]
```

క్యాన్సిల్ రిక్వెస్ట్ పంపగానే ఆర్డర్ క్యాన్సిల్ అయినట్టు కాదు. మీరు పంపేలోపే ట్రిగ్గర్ తగిలి అమ్ముడుపోయి ఉండొచ్చు. అప్పుడు మీ స్క్రిప్ట్ తన దగ్గర రాసుకున్న 400ని నమ్మి మళ్లీ అమ్మితే అదే షార్ట్ ఇంకో దారిన వస్తుంది. కాబట్టి ఆర్డర్ బుక్‌ని మళ్లీ చదివి, ఆ లిస్టు ఖాళీ అయ్యిందని చూశాకే `kite.positions()["net"]`లోని ఎంఐఎస్ పొజిషన్ల నుంచి మాత్రమే క్వాంటిటీ తీసుకోవాలి. ప్లస్ అయితే అమ్మాలి, మైనస్ అయితే కొనాలి, సున్నా అయితే ముట్టుకోకూడదు. ఆర్డర్లు పోయాక కొన్ని సెకన్లు ఆగి ఆ పొజిషన్లు ఇంకోసారి చదవాలి. అన్నీ సున్నా కాకపోతే ఫోన్‌కి అలారం రావాలి.

టైం విషయంలో నా మాట 3:10. మూడుంబావు నుంచి బ్రోకర్ల స్క్వేర్ ఆఫ్‌లు మొదలవుతాయి, ఎవరి టైం వాళ్లది. మీరూ బ్రోకరూ ఒకే నిమిషంలో ఒకే పొజిషన్‌ని మూస్తే రెండు ఆర్డర్లూ పడి మళ్లీ ఎదురు పొజిషన్ తయారవొచ్చు. మధ్యలో నెట్ పోతే ఫోన్ యాప్ తెరిచి చేత్తో మూసేందుకు కూడా ఆ ఐదు నిమిషాలు కావాలి. ఆఖరి ఇరవై నిమిషాల కదలిక పోతుందంటారు. పోతుంది, నిజమే. నేను దాన్ని వదులుకుంటాను. క్లౌడ్ సర్వర్ మీద నడిపేవాళ్లు ఒక్కటి చూసుకోండి: చాలా సర్వర్లు యూటీసీలో ఉంటాయి, మన 3:10 అక్కడ 09:40. అక్కడ 15:10 అని రాస్తే మీ ఎగ్జిట్ రాత్రి 8:40కి లేస్తుంది.

గడియారం ఏమీ చేయలేని చోటు ఒకటుంది. చిన్న షేర్‌ని షార్ట్ చేశారు, అది అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి ధర పెరగగల హద్దు, కొట్టింది. అమ్మేవాడే లేడు. 3:10కి మీ బై ఆర్డర్ వెళ్లి క్యూలో నిలబడుతుంది, అంతే. మార్కెట్ మూసేశాక షేర్లు డెలివరీ ఇవ్వాల్సిన బాధ్యత మీ నెత్తిన పడుతుంది. ఇవ్వలేకపోతే ఎక్స్ఛేంజ్ వేలంలో కొంటారు, ఆ ధర మీ చేతిలో ఉండదు. ఎఫ్ అండ్ ఓలో ఉన్న షేర్లకు స్థిరమైన సర్క్యూట్ ఉండదు, వాటి హద్దు ధరతో పాటు జరుగుతుంది. అందుకని షార్ట్ చేసే స్క్రిప్ట్‌కి ఎఫ్ అండ్ ఓ లిస్టు మాత్రమే ఇవ్వండి, మిగతా షేర్లలో సెల్ సిగ్నల్ వచ్చినా ఆర్డర్ పోనివ్వకండి.