స్లాట్ అంటే ఏమనుకుంటున్నారప్పా ఈ బేకరీలవాళ్లు?

ఇప్పుడే వచ్చింది కేకు. ఆరు నుంచి ఎనిమిది స్లాట్. వచ్చేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. క్రీమ్ మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది, పేరులో చివరి రెండక్షరాలు డబ్బా గోడకి అతుక్కున్నాయి. ఫోన్ చేస్తే జవాబు: "ఇవాళ రష్ సార్, ఎనిమిది కల్లా మా దగ్గర్నుంచి బయల్దేరిపోయింది."

బయల్దేరిందంట! ఆరు నుంచి ఎనిమిది అంటే కేకు మన చేతికి వచ్చే టైం స్వామీ. మీ షటర్ దాటే టైంతో మాకేం పని? అయినా రష్ అంటే ఏంది? అది వానలాగా చెప్పకుండా వచ్చి పడేదా? ప్రతి ఆర్డరూ మీరే తీసుకున్నారు, ప్రతి దానికీ డబ్బులు మీ ఖాతాలోనే పడ్డాయి. మధ్యాహ్నమే తెలుసు మీకు, సాయంత్రం ఎన్ని పోవాలో.

తిరుపతిలో పుట్టినోళ్లకి స్లాట్ గురించి పాఠం చెప్పాలా? మూడు వందల రూపాయల దర్శనం టికెట్ ఆన్‌లైన్‌లో ఒక స్లాట్‌లో అయిపోయిందంటే అయిపోయినట్టే. "ఒక్కటే కదా, సర్దండి" అంటే కంప్యూటర్ సర్దదు. అదే ఊళ్లో బేకరీ యాప్‌లో మాత్రం స్లాట్ నిండడమనేదే ఉండదు. రాత్రి ఏడుంబావుకి తెరిచినా 'ఆరు నుంచి ఎనిమిది' పచ్చగా నవ్వుతా ఉంటుంది.

సరే, లెక్క రాదంటారా, నేనే చేసి పెడతా. అన్నమయ్య సర్కిల్ దగ్గర ఒక బేకరీ అనుకుందాం. డెలివరీకి ముగ్గురు కుర్రాళ్లు. కిలో కేకు డబ్బాలు బ్యాగులో రెండే పడతాయి. మూడోది దూరిస్తే కింది డబ్బా మూత అణిగి క్రీమ్‌కి తగులుతుంది. ఒక ట్రిప్పు చూడండి. సర్దుకోవడానికి ఐదు నిమిషాలు, కొర్లగుంట వైపు మొదటి ఇంటికి పదిహేను, అక్కడ ఫోన్ చేసి, గేటు తీయించి, చేతికిచ్చేసరికి ఐదు, రెండో ఇంటికి ఇంకో పది, వెనక్కి పదిహేను. మొత్తం యాభై నిమిషాలు. ఆరు గంటలకి బయల్దేరితే రెండు గంటల్లో రెండే ట్రిప్పులు. మూడోది ఏడూ నలభైకి మొదలవుతుంది. మొదటి కేకు ఎనిమిదికి అంచు మీద చేరుతుంది, రెండోది దాటిపోతుంది, కాబట్టి ఆ మూడో ట్రిప్పుని లెక్కలోకి తీసుకోకూడదు. ముగ్గురు, రెండేసి ట్రిప్పులు, ట్రిప్పుకి రెండు కేకులు. పన్నెండు. బండి పంచరు కావచ్చు, ఎవరో తలుపు తీయకపోవచ్చు, ఆ లెక్కన రెండు వదిలేస్తే అమ్మాల్సింది పది.

పది! మరి వీళ్లు ఎన్ని తీసుకుంటారు? ఎన్ని వస్తే అన్ని.

ఇది రోడ్డు లెక్కే. లోపల ఇంకో లెక్క ఉంది. కిలో కేకుకి క్రీమ్ పట్టించి, పూలు పెట్టి, పేరు రాయడానికి మాస్టర్‌కి ఇరవై నిమిషాలు అనుకుందాం. ఇద్దరు మాస్టర్లుంటే గంటకి ఆరు. ఆరు గంటలకి మొదటి ట్రిప్పులో ఆరు కేకులు పోవాలి. అవి ఫ్రిజ్‌లో కనీసం అరగంట గట్టిపడాలి, లేకపోతే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే జారతాయి. అంటే ఐదున్నరకి ఫ్రిజ్‌లోకి పోవాలి, నాలుగున్నరకి పని మొదలవ్వాలి. అప్పటికి స్పాంజి చల్లారి సిద్ధంగా ఉండాలి. వేడి స్పాంజి మీద క్రీమ్ పూస్తే లోపల్నుంచే కరుగుతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది స్లాట్‌కి బుకింగ్ మూడున్నర, నాలుగుకల్లా మూసేయాలి, ఖాళీ ఉన్నా సరే. రోడ్డు లెక్క, మాస్టర్ లెక్క, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే స్లాట్ పరిమితి. నలుగురు కొత్త కుర్రాళ్లని పెట్టుకున్నా లోపల మాస్టర్లు ఇద్దరే అయితే కుర్రాళ్లు బయట బండ్ల మీద కూర్చుని ఫోన్ చూసుకోవడమే.

పరిమితి పెట్టుకున్న మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్లది ఇంకో తెలివి. ఆర్డర్లు లెక్కపెడతారు. అరకిలో కేకూ ఒకటే, ఐదు కిలోల రెండంతస్తుల కేకూ ఒకటే! మూడు కిలోల డబ్బా ఒక్కటే బ్యాగంతా తినేస్తుంది, అంటే రెండు చోట్లు. రెండంతస్తులది బండి మీద పోదు, ఆటోలో ఒక మనిషి ఒళ్లో పెట్టుకుని పోవాలి. ఆ కుర్రాడి ట్రిప్పు మొత్తం దానికే. మాస్టర్‌కి గంటన్నర. అది ఐదు చోట్ల కింద లెక్క కట్టాలి. లేకపోతే స్క్రీన్ మీద 'ఇంకా మూడు ఉన్నాయి' అని చూపిస్తుంది, లోపల ఎప్పుడో నిండిపోయి ఉంటుంది.

ఇంతకన్నా మంట పుట్టించేది కౌంటర్ మీద నోటుబుక్కు. యాప్‌లో పది పెట్టారు, బాగుంది. ఫోన్‌లో వచ్చే ఆర్డర్లు నోటుబుక్కులో, వాట్సాప్‌వి ఓనర్ గారి ఫోన్‌లో. ఒక్కో చోటా ఎవరి పది వాళ్లకి! సాయంత్రం ఐదుకి మూడూ కలిపి చూసుకుంటే ఇరవై ఆరు. ఫోన్ ఆర్డరైనా, తెలిసినవాళ్ల ఆర్డరైనా, అదే లెక్కలోంచి తగ్గాలి. డబ్బు కట్టేటప్పుడు ఆ చోటుని పది నిమిషాలు పట్టి ఉంచి, యూపీఐ ఆగిపోతే వదిలేయాలి. ఆ తర్వాత ఎప్పుడో డబ్బు వచ్చి పడితే, స్లాట్ నిండి ఉంటే, వెంటనే వెనక్కి పంపి ఫోన్ చేయాలి. పడింది కదా అని నొక్కేసుకుని పదకొండోదిగా దూర్చకూడదు.

"అన్నా, మా బావగారు, ఒక్క కేకే కదా" అనే బ్యాచ్ కూడా మనలోనే ఉన్నారు, తెలుసు. ఆ ఒక్కదాని వల్లే ఇంకొకరి కేకు రాత్రి తొమ్మిదికి చేరుతుంది.

చివరికి తిట్లు తినేది ఎవరు? ఆ కుర్రాడు. ఈ ఒక్క బేకరీ సంగతి కాదిది, ఊళ్లో ఏళ్లుగా చూస్తున్నదే. కిరాణా కొట్టు పాల ప్యాకెట్లయినా అంతే, ఐస్‌క్రీం అయినా అంతే. యాభై నిమిషాల ట్రిప్పుని ముప్పైలో చేయమంటారు, వాడు రాంగ్ రూట్‌లో వస్తాడు, గుంతలో దూకుతాడు, కేకు ఒరుగుతుంది. మనం వాడి మొహం మీద అరుస్తాం, ఓనరు వాడి జీతంలో కోస్తాడు. లెక్క తప్పింది కౌంటర్లో, కోత పడింది బండి మీద ఉన్నవాడికి. తిరుచానూరులో పంచమి తీర్థం నాడు కూడా అటువైపు స్లాట్ మామూలుగానే తెరిచి పెడతారు! ఆరోజు అటు పోయే బండికి యాభై నిమిషాలు సరిపోతాయా? ఆ రోజుకి ఆ ఏరియా మూసేయడమో, ట్రిప్పుకి గంటన్నర కట్టి పదిని ఐదు చేయడమో, అంత కష్టమా? మే నెల ఎండలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా క్రీమ్ కేకు స్లాట్లు ఎందుకు తెరుస్తారు? ఐస్ ప్యాక్ ఉండదు, నల్ల బ్యాగు ఎండలో కాలుతుంటుంది. ఆ టైంలో ప్లమ్ కేకు, టీ కేకు అమ్ముకోండి, ఎవరొద్దన్నారు?

కాబట్టి డిసెంబర్ 31కి కేకు చెప్పేవాళ్లు ఒక పని చేయండి. ఆరోజు సాయంత్రం ఐదుకి యాప్ తెరిచి చూడండి. 'ఆరు నుంచి ఎనిమిది' ఇంకా ఖాళీ అని చూపిస్తోందంటే ఆ కొట్టుకి లెక్క లేదని అర్థం. అక్కడ బుక్ చేయొద్దు, అప్పుడే వెళ్లి మీరే తెచ్చుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. 'ఈ స్లాట్ నిండిపోయింది' అని మొహం మీద చెప్పే కొట్టు ఊళ్లో ఎక్కడైనా ఉంటే కింద పేరు రాయండి, వచ్చే పుట్టినరోజు ఆర్డరు వాళ్లకే.